ఎత్తు చూసి బ్యాగు కొనకండి: టార్సో ఒక కొలత, హిప్ బెల్టు ఇంకో కొలత

కోరాపుట్‌లో ట్రెకింగ్ సామాన్లు అద్దెకు ఇస్తాను, బ్యాగులు బాగుచేస్తాను. చలికాలం వచ్చిందంటే దేవమాలి ఎక్కడానికి రాయగడ, జయపురం, విశాఖపట్నం నుంచి మనవాళ్లు దిగుతారు. 1,672 మీటర్ల ఆ కొండ మీదికి దాదాపు పైదాకా రోడ్డు ఉంది. అయినా హిమాలయాలకు వెళ్లబోయేవాళ్లు బరువు వీపున వేసుకుని అక్కడే నడక సాధన చేస్తారు. ఫోనులో అందరూ చెప్పేది ఒకటే: "నా ఎత్తు ఐదడుగుల ఎనిమిది, మీడియం ఇవ్వండి." ఈ ఒక్క మాట వల్ల వృథా అయిన డబ్బు, వాచిన భుజాలు నేను చూసినన్ని ఇంకెవరూ చూసి ఉండరు.

అపోహ: పొడుగువాళ్లకు పెద్ద బ్యాగు, పొట్టివాళ్లకు చిన్న బ్యాగు.

బ్యాగుకు మీ కాళ్లతో పని లేదు. దానికి కావలసింది మెడ అడుగు నుంచి తుంటి ఎముక దాకా ఉన్న దూరం మాత్రమే, దాన్నే టార్సో అంటాం. ఎత్తులో ఎక్కువ భాగం కాళ్లదే అయినవాళ్లు ఉంటారు, వీపుదే అయినవాళ్లూ ఉంటారు.

కిందటి ఏడాది రాయగడ నుంచి ఒక జంట వచ్చారు. ఆయన ఐదడుగుల పది, ఆవిడ ఐదడుగుల రెండు. వేరే ఊళ్లో ఒకే రకం బ్యాగులు రెండు కొన్నారు, ఆయనకు లార్జ్, ఆవిడకు స్మాల్. దేవమాలి దగ్గర రెండు గంటలు నడిచేసరికి ఇద్దరూ చాలనుకున్నారు. ఆవిడ మొహమాటపడుతూ అడిగింది: "అన్నయ్యా, నా వీపులో ఏమైనా లోపం ఉందా? కొన్నచోట కూడా నాకు బ్యాగు కుదరడం కష్టమన్నారు." ఆ మాట అన్నవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. లోపం వీపులో లేదు, టేపు తీయని చేతిలో ఉంది.

టేపు తీశాను. దర్జీలు వాడే మెత్తని టేపే తీసుకోవాలి. వడ్రంగి ఇనుప టేపు వెన్ను వంపు వెంట పోదు. ముందు తల వంచమంటాను. మెడ, భుజాలు కలిసేచోట ఒక ఎముక బుడిపె తేలుతుంది. అది ఏడో మెడ పూస. కొందరికి రెండు బుడిపెలు కనిపిస్తాయి. అప్పుడు రెండింటి మీదా వేళ్లు పెట్టి తల మెల్లగా వెనక్కి ఎత్తమంటాను. పైది వేలి కింది నుంచి లోపలికి జారిపోతుంది, కిందిది కదలకుండా నిలుస్తుంది. నిలిచేదే మనకు కావలసింది.

ఇక రెండో గుర్తు. చేతులు నడుముకు పెట్టుకోమంటే చాలామంది పక్కటెముకల కింద మెత్తగా ఉండేచోట పెట్టుకుంటారు. తప్పంతా అక్కడే జరుగుతుంది, కొలత మూడు నాలుగు సెంటీమీటర్లు తగ్గిపోతుంది. చేతులు కిందికి నొక్కుతూ పోతే గట్టి ఎముక అంచు తగులుతుంది. బొటనవేళ్లు వెనక్కి పెట్టి ఆ అంచు మీద ఆనించాలి. రెండు బొటనవేళ్ల మధ్య అడ్డంగా ఒక గీత ఊహించుకోండి. ఆ గీత వెన్నును దాటేచోటు నుంచి మెడ బుడిపె దాకా, తల నిటారుగా ఉంచి, వెన్ను వంపు వెంట కొలవాలి. మీకు మీరే కొలుచుకోలేరు. చేయి వెనక్కి తిప్పగానే వీపు వంగుతుంది, అంకె మారుతుంది. ఇంట్లో ఎవరినైనా పిలవండి.

ఆయనకు 45 సెంటీమీటర్లు వచ్చింది, ఆవిడకు 48. వాళ్ల బ్యాగు చీటీ మీద స్మాల్ 41 నుంచి 46, మీడియం 46 నుంచి 51 అని ఉంది. అంటే ఆయనకు స్మాల్, ఆవిడకు మీడియం. ఈ అంకెలు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి మీ బ్యాగు చీటీ మీరు చూసుకోవాలి. ఆయన లార్జ్ వేసుకుంటే భుజం వెనక పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరేంత ఖాళీ ఉంది, బరువు వెనక్కి లాగుతోంది. ఆవిడది తిరగబడ్డ కథ. తుంటి చుట్టూ కట్టుకునే హిప్ బెల్టును ఎముక మీద పెడితే పట్టీలు భుజాలను కిందికి నొక్కుతున్నాయి, వాటిని వదులు చేయకపోతే బెల్టు పొట్ట మీదికి ఎక్కుతోంది.

అపోహ: బ్యాగు సైజు కుదిరితే బెల్టు కూడా కుదిరినట్టే.

ఇంకా ఖరీదైన అపోహ ఇది. పొడవు వీపుకు సన్నని తుంటి ఉండవచ్చు, పొట్టి వీపుకు వెడల్పాటి తుంటి ఉండవచ్చు. ఆ రాయగడ ఆయన తుంటి చుట్టుకొలత 102 సెంటీమీటర్లు, ఆవిడది 80. ఈ కొలత కూడా అదే ఎముక అంచు మీదుగా, నడిచేటప్పుడు వేసుకునే బట్టల మీద, చుట్టూ తీయాలి. పాంటు నంబరు చెప్పకండి. 34 నంబరు అని వచ్చిన ఒకాయనకు టేపు పెడితే 97 సెంటీమీటర్లు, అంటే 38 అంగుళాలు తేలింది. పాంటు ఎక్కడ కట్టుకుంటారన్నది అలవాటు, ఎముక ఎక్కడుందన్నది శరీరం.

బెల్టు కుదిరిందో లేదో బ్యాగులో బరువు ఉంటేనే తెలుస్తుంది. నా దగ్గర ఐదు కిలోల బియ్యం సంచులు రెండు ఎప్పుడూ ఉంటాయి, దుప్పట్ల మధ్య పెట్టి వేయిస్తాను. అన్ని పట్టీలూ వదులు చేసి ముందు బెల్టు బిగించాలి, భుజం పట్టీలు తరువాత. మెత్తటి పట్టీ సగం ఎముక అంచుకు పైన, సగం కింద ఉండాలి. మెత్త ఎముక ముందు భాగాన్ని దాటి పొట్ట వైపు రావాలి. అంతకుముందే ఆగిపోతే ఉత్త నాడా ఎముక మీద ఒరుసుకుని సాయంత్రానికి కమిలిపోతుంది. రెండు మెత్తలూ ముందు ఒకదానికొకటి తగిలితే బెల్టు పెద్దది. ఇక బిగించడానికి చోటు ఉండదు, నడిచేకొద్దీ కిందికి జారుతుంది. బకిలుకు అటూ ఇటూ మెత్తల మధ్య కొన్ని అంగుళాల ఖాళీ మిగలాలి. లోపల తోలు బెల్టు ఉంటే తీసేయండి, దాని బకిలే పుండు చేస్తుంది.

కొన్ని బ్యాగుల్లో బెల్టు వీపు మెత్త వెనక వెల్క్రోతో అతికి ఉంటుంది, లాగితే వస్తుంది. కొన్నింటిలో కుట్టేసి ఉంటుంది, దానికి నేనూ ఏమీ చేయలేను. కొనేముందు ఆ మెత్త వెనక చేయి పెట్టి చూడండి. టార్సో సర్దుకునే బ్యాగు తీసుకున్నా ఈ చూపు తప్పదు, అక్కడ సర్దుకునేది పొడవే.

మిగతా అపోహలు చాలా ఉన్నాయి, వాటికి ఇంత చోటు ఇవ్వను. లీటర్లు బ్యాగులో పట్టే సామానుకు లెక్క, 40 లీటర్లలో లార్జ్ ఉంటుంది, 65లో స్మాల్ ఉంటుంది. ఆడవాళ్ల బ్యాగు సన్నని భుజాల మగవాళ్లకూ కుదరవచ్చు. వాడగా వాడగా కుదురుతుందన్నది చెప్పులకేమో గానీ బ్యాగు పొడవు పెరగదు. నడుము మీద బరువు పడితే డిస్కు జారుతుందని భయపడేవారికి మాత్రం ఒక మాట: సరిగ్గా కట్టిన బెల్టు బరువును తుంటి ఎముకకు, అక్కడి నుంచి కాళ్లకు దించుతుంది, భుజాల భారం తగ్గిస్తుంది. ఇప్పటికే వెన్ను జబ్బు ఉంటే మీ డాక్టరును అడగండి, నన్ను కాదు.

రాయగడ జంట విషయానికి వస్తే, వాళ్ల బెల్టులు ఊడేవే. ఆవిడ స్మాల్ బ్యాగులోకి ఆయన లార్జ్ బెల్టు ఎక్కించి ఆయనకిచ్చాను. ఆవిడకు నా దగ్గరున్న అదే రకం మీడియం అద్దెకిచ్చి, దానికి ఆవిడ స్మాల్ బెల్టే తగిలించాను. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పది కిలోలతో ఎక్కి మధ్యాహ్నానికి దిగారు. బెల్టు లేని ఆ లార్జ్ బ్యాగు ఇంకా నా దుకాణంలో మేకుకు వేలాడుతోంది.