రాసిన చోటే మళ్లీ రాయలేని డిస్క్

ఒక ప్రోగ్రామ్ సెకనుకోసారి ఒకే ఫైల్లో, ఒకే చోట, 4 కిలోబైట్ల ముక్కని మారుస్తూ ఉందనుకుందాం. చాలా చిన్న పనే. కానీ హార్డ్ డిస్కుకీ ఎస్‌ఎస్‌డీకీ ఉన్న అసలు తేడా ఇందులోనే బయటపడుతుంది.

హార్డ్ డిస్కులో ఆ ముక్కకి పళ్లెం మీద ఒక స్థిరమైన చోటు ఉంటుంది. పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుందంటే ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. హెడ్డు సరైన వలయం మీదికి జరగాలి, ఆ చోటు తిరుగుతూ దాని కిందికి రావాలి. రాగానే పాత అయస్కాంత గుర్తుల మీదే కొత్తవి పడిపోతాయి. ముందుగా పాతవి చెరపాల్సిన పని లేదు, ఎన్నిసార్లు రాసినా ఆ చోటు అరిగిపోతుందన్న టెన్షన్ కూడా లేదు. నెమ్మదంతా ఆ జరగడంలోనూ తిరగడంలోనూ ఉంది.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు కాబట్టి వేగం ఎక్కువని అందరికీ తెలుసు. నిజమే, కానీ సగమే. ఫ్లాష్ చిప్‌కి ఒక ఇబ్బందికరమైన గుణం ఉంది. అందులో ఒక్కో కణం కొన్ని ఎలక్ట్రాన్లని ఒక ఇన్సులేటర్ పొర వెనక బంధించి సమాచారాన్ని గుర్తుంచుకుంటుంది. రాయడమంటే ఎలక్ట్రాన్లని లోపలికి నెట్టడం, చెరపడమంటే బయటికి లాగేయడం. రాసేది పేజీల లెక్కన. ఒక పేజీ మామూలుగా 16 కిలోబైట్లు ఉంటుంది. చెరపడం మాత్రం పేజీ లెక్కన కుదరదు. వందలు, ఒక్కోసారి వేల పేజీలున్న బ్లాకుని మొత్తంగా ఒకేసారి చెరపాలి. ఒకసారి రాసిన పేజీలో మళ్లీ రాయాలంటే ముందు ఆ బ్లాకంతా ఖాళీ కావాల్సిందే.

పైగా చెరిపిన ప్రతిసారీ ఆ ఇన్సులేటర్ పొర కాస్త దెబ్బతింటుంది. ఎలక్ట్రాన్లని లాగడానికి ఇరవై వోల్టుల దాకా వాడాల్సి వస్తుంది, అంత సన్నని పొరకి అది చాలా ఎక్కువ. ఒక కణంలో మూడు బిట్లు దాచే రకం ఫ్లాష్, స్థూలంగా వెయ్యి నుంచి మూడు వేల చెరుపుళ్ల దాకా తట్టుకుంటుంది.

ఇప్పుడు మన ప్రోగ్రామ్ దగ్గరికి రండి. ఫ్లాష్‌ని హార్డ్ డిస్కులా వాడితే, ఆ 4 కిలోబైట్ల కోసం ప్రతి సెకనూ ఒకే బ్లాకుని చదివి, చెరిపి, మళ్లీ రాయాలి. మూడు వేల చెరుపుళ్లు అంటే మూడు వేల సెకన్లు. యాభై నిమిషాల్లో ఆ బ్లాకు పని అయిపోతుంది!

అలా కాకపోవడానికి కారణం, ఎస్‌ఎస్‌డీ లోపల కంట్రోలర్ నడిపే ఒక పొర. దాని పేరు ఫ్లాష్ ట్రాన్స్‌లేషన్ లేయర్, ఎఫ్‌టీఎల్. ఆపరేటింగ్ సిస్టమ్ "5,000వ నంబరు ముక్క" అని అడుగుతుంది. అది ఏ చిప్‌లో, ఏ బ్లాకులో, ఏ పేజీలో ఉందో ఎఫ్‌టీఎల్ తన పట్టికలో చూసి తెచ్చిస్తుంది. అదే ముక్కని మార్చమంటే పాత పేజీ జోలికి పోదు. ఖాళీగా ఉన్న మరో పేజీలో కొత్త కాపీ రాసి, పట్టికలో 5,000కి ఎదురుగా ఆ కొత్త చోటు వేస్తుంది. పాత పేజీ చెల్లని పేజీగా మిగిలిపోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఈ బదిలీ గురించి ఏమీ తెలియదు. అందుకే ఎస్‌ఎస్‌డీకి డీఫ్రాగ్ చేయడం వృథా: మనం వరసగా సర్దామనుకున్న నంబర్లకి లోపలి వరసతో సంబంధం లేదు, ఆ సర్దుడుకి రాతలు మాత్రం ఖర్చవుతాయి.

ఆ పట్టిక చిన్నదేమీ కాదు. ఒక టెరాబైట్ డ్రైవ్‌లో 4 కిలోబైట్ల ముక్కలు దాదాపు 24 కోట్లు. ఒక్కోదానికి నాలుగు బైట్ల చొప్పున చూస్తే పట్టికకే ఒక గిగాబైట్ కావాలి. అందుకే చాలా ఎస్‌ఎస్‌డీల మీద విడిగా ఒక డీర్యామ్ చిప్ కనిపిస్తుంది.

మన లెక్క మళ్లీ వేద్దాం. బ్లాకు 8 మెగాబైట్లు, ఒక్కో పేజీలో నాలుగు ముక్కలు అనుకుంటే అందులో 2,048 ముక్కలు పడతాయి. సెకనుకొకటి చొప్పున అది నిండడానికి 34 నిమిషాలు పడుతుంది. తర్వాత మరో బ్లాకు. ఇలాంటివి వెయ్యి ఉండి వంతుల వారీగా వాడితే, ఒక్కో బ్లాకుకి చెరుపుడు వంతు 24 రోజులకోసారి వస్తుంది. మూడు వేల వంతులు పూర్తవడానికి సుమారు 195 ఏళ్లు. చిప్ మారలేదు, రాతల సంఖ్యా మారలేదు. అరుగుదలని అందరికీ పంచడం వల్ల యాభై నిమిషాలు కాస్తా ఇంత దూరం సాగింది. ఈ పంపకాన్నే వేర్ లెవలింగ్ అంటారు.

అయితే ఆ వెయ్యి బ్లాకుల్లో 800 బ్లాకుల నిండా ఎప్పుడూ మారని పాత ఫొటోలు ఉన్నాయనుకోండి. వాటిని ఎవరూ తిరగరాయరు కాబట్టి అవి వంతుల్లోకే రావు. భారమంతా మిగతా 200 మీద పడి, 195 ఏళ్లు 39కి పడిపోతాయి. మంచి ఎఫ్‌టీఎల్ దీన్ని గమనిస్తుంది. బ్లాకుల మధ్య చెరుపుళ్ల తేడా ఒక హద్దు దాటగానే, కదలని ఫొటోలని బాగా అరిగిన బ్లాకులోకి మార్చి, అవి అప్పటిదాకా కూర్చున్న తాజా బ్లాకుని పనిలోకి దింపుతుంది. మీరు ఏళ్ల తరబడి ముట్టుకోని ఫైలు కూడా డ్రైవ్ లోపల చోటు మారుతూ ఉండొచ్చు. నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం ఇదే.

ఇంకో ఖర్చు ఉంది. ఖాళీ బ్లాకులు తగ్గినప్పుడు ఎఫ్‌టీఎల్ చెల్లని పేజీలున్న బ్లాకుని వెతికి, అందులో ఇంకా చెల్లే పేజీలని వేరే చోటికి కాపీ చేసి, తర్వాత దాన్ని చెరుపుతుంది. వంద పేజీల్లో 75 చెల్లేవే అయితే, దక్కే చోటు 25 పేజీలే. మనం 25 పేజీలు రాయడానికి ఫ్లాష్ మీద వంద రాతలు పడతాయి, అరుగుదల నాలుగింతలు అవుతుంది. చెల్లేవి పదే అయితే 90 పేజీలు దక్కుతాయి, అదనపు భారం నామమాత్రం. డ్రైవ్ నిండుగా ఉన్నకొద్దీ మొదటి పరిస్థితి ఎక్కువవుతుంది. నిండిన ఎస్‌ఎస్‌డీలో రాసే వేగం ఒక్కసారిగా పడిపోతే ఇదే కారణం కావొచ్చు.

ఇక్కడే ట్రిమ్ అవసరం పడుతుంది. మనం ఫైలు తీసేస్తే ఆపరేటింగ్ సిస్టమ్ తన జాబితాలో మాత్రమే కొట్టేస్తుంది. ఆ పేజీలు ఇక అక్కర్లేదని ఎవరో చెప్పకపోతే, పనికిరాని చెత్తని కూడా ఎఫ్‌టీఎల్ జాగ్రత్తగా కాపీ చేస్తూనే ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవ్‌కి పంపే ట్రిమ్ అనే ఆదేశం ఆ మాట చెబుతుంది. దీనికి మరో పర్యవసానం ఉంది. హార్డ్ డిస్కులో పొరపాటున తీసేసిన ఫైలు, పైన ఇంకోటి రాసేదాకా దొరికే అవకాశం ఉంటుంది. ట్రిమ్ అయిన ఎస్‌ఎస్‌డీలో ఆ ఆశ దాదాపు వదులుకోవాలి. అలాగని రహస్యమైన ఫైలు మీద సున్నాలు రాస్తే అది పోయిందనీ అనుకోకూడదు. ఆ సున్నాలు వేరే పేజీలోకి వెళ్తాయి, పాతది చెరిగేదాకా చిప్‌లోనే ఉంటుంది.

హార్డ్ డిస్క్ పాడవబోయే ముందు తరచుగా కిటకిటమని చప్పుడు చేస్తుంది. ఎస్‌ఎస్‌డీ ఏ చప్పుడూ చేయదు, అడిగి తెలుసుకోవాలి. లినక్స్‌లో ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవ్‌కి ఇలా అడగొచ్చు:

```
sudo smartctl -a /dev/nvme0
```

వచ్చినదాంట్లో `Percentage Used` అన్న వరస, తయారీదారు అంచనా వేసిన ఆయుష్షులో ఎంత ఖర్చయిందో చెబుతుంది. అది 100 దాటితే డ్రైవ్ ఆగిపోయిందని కాదు, ఆ అంకె అలా పెరుగుతూ పోగలదు. అంతకన్నా `Available Spare` మీద కన్నేయండి. చెడిపోయిన బ్లాకుల స్థానంలో పెట్టడానికి డ్రైవ్ దాచుకున్న బ్లాకులు ఎంత శాతం మిగిలాయో అది చూపిస్తుంది. దాని పక్కనే ఉండే `Available Spare Threshold` కంటే ఆ అంకె దిగిందంటే, ఆ రోజే డేటా వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి.