పెట్టె మీద ‘ప్రమోదూత’

పాత ఇత్తడి సామాను ఎంత నల్లగా ఉంటే అంత పాతదని చాలామంది అనుకుంటారు. మన ఇళ్లలో వాడిన తాంబూలం పెట్టెలకీ అడకత్తెరలకీ ఈ లెక్క పనికిరాదు. చింతపండు పులుపు రాగి మీద పట్టిన నలుపునీ చిలుమునీ కరిగించేస్తుంది. పండగ పండగకీ తోమిన ఇంట్లో నూరేళ్ల పెట్టె కూడా పసుపుపచ్చగా మెరుస్తూనే ఉంటుంది. అమ్మోనియా ఆవిరి పట్టించి, నిన్నటి పెట్టెను వారంలో ఆకుపచ్చగా మార్చేవాళ్లూ ఉన్నారు. అందుకే రంగును పక్కన పెట్టి మూడు విషయాలు చూడాలి: ఎలా తయారైంది, నగిషీ ఎలా వేశారు, ఎక్కడెక్కడ అరిగింది.

ఒక కుటుంబం ఒకే గుడ్డసంచిలో దాచిన రెండు వస్తువులను తీసుకుందాం. ఒకటి మూత మీద తీగ నగిషీ ఉన్న ఇత్తడి పెట్టె. రెండోది చిలక ఆకారంలో ఇత్తడి పిడులు, ఉక్కు కత్తి ఉన్న అడకత్తెర. పెట్టె మూత మీద చుక్కలతో కొట్టిన అక్షరాల్లో ఒక పేరు, దాని కింద ‘ప్రమోదూత’ అని ఉంది. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కాబట్టి ఇది 1870-71 కావచ్చు, 1930-31 కావచ్చు, 1990-91 కూడా కావచ్చు. వీటిలో ఏదన్నది వస్తువే చెప్పాలి.

ముందు చుక్కలు. భూతద్దంలో చూస్తే ఒక్కో చుక్కా విడిగా, కొంచెం ఎడంగా, లోతుల్లో చిన్న చిన్న తేడాలతో ఉంది. అంటే సూదిమొన ఉలిని పెట్టి చేత్తో కొట్టినవి. గిన్నెల కొట్లో కరెంటు మిషన్‌తో పేరు కొట్టిస్తే చుక్కలు దాదాపు గీతలా కలిసిపోయి, ఒకే లోతులో ఉంటాయి. ఇంకో సంగతి: ఉలి దిగినప్పుడు చుక్క చుట్టూ లోహం లేచి సన్నని అంచు కడుతుంది. వేలికి గరుకుగా తగులుతుంది. తోముతూ పోతే ముందుగా పోయేది ఆ అంచే. ఈ పెట్టె మీద అంచులు ఎక్కడా లేవు, గుంటలు మాత్రం మిగిలాయి. కొన్నాళ్లుగా ఎవరూ వాడని పెట్టె మీద 1990లో కొట్టిన అక్షరాలు ఇంతగా నునుపెక్కవు. ఆ ఏడాదిని పక్కన పెట్టొచ్చు.

ఇప్పుడు ఆ అక్షరాల కింద ఉన్న తీగను చూడాలి. నాకు ఈ పెట్టెలో అన్నిటికన్నా విలువైన చోటు ఇదే. మూత మధ్యలో, తెరిచేటప్పుడు అరచెయ్యి ఆనే దగ్గర, తీగ గీతలు దాదాపు చెరిగిపోయాయి. మూలల్లో మాత్రం ఒక్కో ఉలిదెబ్బా విడిగా కనిపిస్తోంది. పేరు కొట్టింది సరిగ్గా ఆ అరిగిన చోటే. పేరు కొట్టాక అరుగుదల వచ్చి ఉంటే గీతలతోపాటు చుక్కలూ లోతు తగ్గి చెదిరిపోవాలి. గీతలు పోయినా చుక్కలు లోతుగా ఉన్నాయంటే, పేరు కొట్టేనాటికే మూత బాగా అరిగి ఉంది. కాబట్టి ప్రమోదూత పెట్టె పుట్టిన ఏడాది కాదు, చేతులు మారిన ఏడాది. పెళ్లికో పంపకాలకో పాత పెట్టెనే ఇచ్చి పేరు కొట్టించి ఉండొచ్చు. గిన్నె మీద తేదీ కనపడగానే అది తయారైన తేదీ అనేసుకోవడం ఈ పనిలో తరచూ జరిగే పొరపాటు.

అరుగుదల నిజమైనదేనా అన్న అనుమానం రావాలి. నిజమైన అరుగుదల చెయ్యి వెళ్లే దారిలోనే ఉంటుంది: మూత ముందంచు, మడతబందు చీల, అడుగున నాలుగు మూలలు. బఫింగ్ చక్రం మీద పెట్టినదైతే చెయ్యి తగలని మూలల్లోనూ నగిషీ అంతే మెత్తబడుతుంది. ఈ పెట్టె అడుగున గీతలు అన్ని దిక్కులకీ అడ్డదిడ్డంగా ఉన్నాయి, ఏళ్ల తరబడి నేల మీద జరిపితే పడేవి అలాగే ఉంటాయి. లోపల సున్నపుకాయ అంచున తెల్లని పెచ్చు గట్టిగా పట్టింది. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కాల్షియం కార్బొనేట్‌గా మారితే ఇలా గడ్డకడుతుంది. చుక్క వెనిగర్ వేస్తే పొంగుతుంది. అది వాడుకకు సాక్ష్యమే గాని వయసుకు కాదు, ఎందుకంటే సున్నం కొద్ది వారాల్లోనే గడ్డకట్టగలదు.

(రాగి పెట్టెలైతే ఇంకొంచెం జాగ్రత్త. రాగి ఇత్తడికన్నా మెత్తన, అదే వాడకానికి ఎక్కువ అరుగుతుంది. కాబట్టి రాగిని రాగితోనే పోల్చాలి. లోపల కొత్తగా కళాయి పూస్తే పాత గీతలన్నీ మూసుకుపోతాయి.)

ఇక మిగిలినవి 1870, 1930. పెట్టె ఒక్కటే చూస్తే తేల్చడం కష్టం. గోడ మందం ఒకచోట 0.9 మిల్లీమీటర్లు, ఇంకోచోట 1.4 ఉంది. మిల్లులో సాగదీసిన రేకుకు ఇంత తేడా రాదు. సుత్తితో సాగగొట్టిన రేకు ఇది. కానీ ఆ పని 1850లోనూ చేశారు, 1920లోనూ చేశారు. చిలకలూ తామరలూ కూడా తరాల తరబడి అవే గీశారు. బొమ్మను బట్టి కాలం చెప్పడం బలహీనమైన ఆధారం.

ఇక్కడ అడకత్తెర ఆదుకుంటుంది. పెట్టె అంచు పొడవునా చిన్న చిన్న వలయాలు కొట్టారు. ఒక్కో వలయంలోనూ ఒకే పక్క ఒక చిన్న ఖాళీ ఉంది. ఆ ఉలి అంచు ఎప్పుడో విరిగిందన్నమాట. చిలక కంటి చుట్టూ ఉన్న వలయానికీ అదే వైపు అదే ఖాళీ. రెండూ ఒకే పనిముట్టుతో, దాదాపు ఒకే కాలంలో చేసినవి. విరిగిన ఉలిని ఎవరూ ఏళ్ల తరబడి అలాగే వాడరు, ఎప్పుడో ఒకప్పుడు సానబడతారు.

అడకత్తెర కత్తిని చూస్తే, తుప్పు పట్టిన మేర చిన్న గుంటలే తప్ప గీతలు లేవు. పాత పద్ధతిలో బట్టీలో కాచి, సుత్తితో కొట్టి తీసిన ఇనుములో మడ్డి పోగులుగా చిక్కుకుని ఉంటుంది. అది తుప్పు పడితే చెక్కలో నారలా బారుగా గీతలు తేలతాయి. కరిగించి పోతపోసిన ఉక్కులో అవి ఉండవు. బెస్సెమర్ పద్ధతి 1856లో వచ్చాక అలాంటి ఉక్కు చవకైంది. మన కోనసముద్రం లాంటి చోట్ల మూసల్లో కరిగించి తీసిన ఉక్కులోనూ మడ్డి పోగులు ఉండవు నిజమే, కానీ అంత ఖరీదైన ఉక్కును వక్కలు కత్తిరించడానికి వాడటం అరుదు.

కత్తి తర్వాత మార్చినదైతే ఈ వాదనంతా కూలిపోతుంది. అందుకని చీల చూడాలి. చీల తల మీదా అదే విరిగిన ఉలి వలయం ఉంది. కత్తి మార్చాలంటే ఆ చీల కొట్టి తీయాల్సిందే. పైగా మూడు అరుగుదలలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి. చీల రంధ్రం కోలగా సాగింది, కత్తి పక్కలకు ఊగుతోంది. సానపట్టీ పట్టీ కత్తి అంచు కీలు దగ్గర లోపలికి వంగింది. మూసి వెలుతురుకు ఎత్తితే అక్కడ నెలవంకంత సందు కనిపిస్తుంది. గట్టి వక్కను కీలుకు దగ్గరగా పెడితేనే బలం ఎక్కువగా పడుతుంది కాబట్టి అరుగుదల అక్కడే రావాలి. పిడి మీద చిలక ఈకలు అరచేతి వైపు మాయమయ్యాయి, వెలుపలి వైపు ఉన్నాయి. ఈకలు పోయి కత్తి మాత్రం నిండుగా ఉంటే అనుమానించేవాణ్ణి.

అలాంటి ఉక్కు పల్లె కమ్మరి దాకా చవగ్గా చేరడానికి బెస్సెమర్ తర్వాత కొన్నేళ్లు పట్టాలి. కాబట్టి 1870 నాటికే ఈ పెట్టె తయారై, నగిషీ చెరిగేంతగా అరిగిపోయి ఉండటం కుదరదు. పేరు కొట్టింది 1930-31లోనే. అప్పటికి మూత అంతగా అరగాలంటే కనీసం ఇరవై ముప్పై ఏళ్ల రోజువారీ వాడకం కావాలి. అరుగుదలను ఏళ్లలోకి మార్చే సూత్రం మాత్రం లేదు. ముగ్గురు తాంబూలం వేసుకునే ఇల్లు పదేళ్లలో చేసినంత అరుగుదల, పెళ్లిళ్లకు మాత్రమే తీసే ఇంట్లో యాభై ఏళ్లకీ రాదు. అందుకే ఈ జంటకు నేను రాసే వయసు ఒక అంకె కాదు, ఒక మేర: 1880 నుంచి 1910 దాకా.