‘మావాడిది ఫిక్స్‌డ్ మైండ్‌సెట్ మేడం’: అపోహలు – వాస్తవాలు

స్కూల్ కౌన్సెలర్‌గా ఈమధ్య నేను ఎక్కువగా వింటున్న మాట ఇది. మోటివేషన్ వీడియోల పుణ్యం. తెలివి పుట్టుకతో వచ్చినంతే, ఇక పెరగదనుకోవడం ఫిక్స్‌డ్ మైండ్‌సెట్; నేర్చుకుంటూ పెంచుకోవచ్చనుకోవడం గ్రోత్ మైండ్‌సెట్. మార్కులు తగ్గాయంటే మైండ్‌సెట్ బాగాలేదట, ఇంకా కష్టపడితే వచ్చేస్తాయట. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే.

మొన్న ఒకాయన తొమ్మిదో తరగతి కొడుకుని తీసుకొచ్చారు. రోజూ మూడు గంటలు లెక్కలు చేయిస్తున్నారు. గోడ మీద ‘ఇంకా రాలేదు, అంతే’ అని పోస్టర్ కూడా అంటించారట. నేను నోట్సు తెరిచాను.

-3(x - 4) = 6

పిల్లాడు బ్రాకెట్ తీసి -3x - 12 = 6 అని రాశాడు. జవాబు x = -6. నిజానికి అక్కడ రావాల్సింది +12, జవాబు 2. పేజీల నిండా ఇదే తప్పు. మూడు గంటలూ వాడు తప్పునే సాధన చేస్తున్నాడు! వాడిలో పట్టుదలకు లోటేం లేదు. ఆ గుర్తు ఎందుకు మారుతుందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

ఈ మైండ్‌సెట్ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన అమెరికన్ సైకాలజిస్టు క్యారల్ డ్వెక్ కూడా ఒట్టి కష్టాన్ని మెచ్చుకుంటే చాలదని 2015లోనే రాశారు. ఒక పద్ధతి పనిచేయకపోతే ఇంకోటి పట్టుకోవాలి, సాయం అడగాలి అన్నది ఆవిడ మాట. వీడియోల్లో ఆ ముక్క ఎగిరిపోయింది.

పోనీ, నమ్మకం మారిస్తే మార్కులు ఎంత మారతాయి? అమెరికాలో సుమారు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లలతో చేసిన పెద్ద అధ్యయనం 2019లో వచ్చింది. తెలివిని పెంచుకోవచ్చని చెప్పే ఆన్‌లైన్ పాఠాలు రెండు, ఒక్కోటీ అరగంట కూడా పట్టదు. వెనకబడిన పిల్లల సగటు గ్రేడు, 4 పాయింట్ల స్కేలు మీద, 0.1 పెరిగింది. అంత తక్కువ ఖర్చుకి అది మంచి ఫలితమే, కాదనను. కానీ అదే ఏడాది ఇంగ్లండ్‌లో టీచర్లకు గ్రోత్ మైండ్‌సెట్ మీద శిక్షణ ఇచ్చి చేసిన అధ్యయనంలో పిల్లల చదువులో అదనపు మెరుగు కనిపించలేదు. అద్భుతాలు జరుగుతాయని ఫీజు కట్టించుకునేవాళ్లను ఈ రెండు ఫలితాల గురించీ అడగండి.

మనుషులు ఫిక్స్‌డ్, గ్రోత్ అని రెండు రకాలన్నదీ తప్పే. ‘లెక్కలు నావల్ల కాదు’ అనే పిల్లే డ్యాన్సులో పడి లేచి మళ్లీ చేస్తుంది.

‘తెలివైనదానివి అని పొగిడేశాను, పాడైపోతుందా?’ అని ఒక తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. 1998 నాటి ప్రయోగంలో అలా పొగిడించుకున్న పిల్లలు కష్టమైన పజిల్స్‌కు డీలా పడ్డమాట నిజమే. అది ఒక్క పూట ప్రయోగం. మీ ముద్దుమాటలకు ఏమీ కాదమ్మా, టెన్షన్ పడకండి.

ఆ అబ్బాయికి నేను చెప్పింది ఒకటే: వచ్చిన జవాబుని మొదటి లైన్లో పెట్టి చూసుకో. x = -6 పెడితే 30 వచ్చింది. వాడు పెన్సిల్ ఆపి, ‘ఆరు రావాలి కదా మేడం?’ అన్నాడు.