‘ధర్మానికి’ అని రాసిన వీలునామా ఎందుకు చెల్లలేదు?

బొంబాయికి చెందిన ఒకాయన తన వీలునామాలో మిగిలిన ఆస్తిని ‘ధర్మానికి’ ఖర్చు పెట్టమని రాసి పోయాడు. ఆ కేసు అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1899లో అక్కడి జడ్జీలు విల్సన్ నిఘంటువు తీసి చూస్తే అందులో ధర్మం అంటే చట్టం, సుగుణం, చట్టపరమైన లేదా నైతిక బాధ్యత అని ఉంది. ఇంత అస్పష్టంగా ఉంటే డబ్బు సరిగ్గా ఖర్చయిందో లేదో కోర్టు ఎలా చూసుకుంటుంది, కాబట్టి ఆ భాగం చెల్లదు అని తేల్చేశారు.

వాళ్ళ లెక్కలో తప్పేం లేదు. ట్రస్టుకు ఫలానా ప్రయోజనం అని తేలకపోతే దాన్ని అమలు చేయించలేమన్నది ఇంగ్లిష్ కోర్టుల పాత సూత్రం. తేడా వచ్చింది నిఘంటువు దగ్గర. దాంట్లో అర్థాలన్నీ వరుసగా ఉంటాయి గానీ ఏ అర్థం ఎక్కడ పనిచేస్తుందో ఉండదు.

యజ్ఞాల సంగతి చూడండి. జైమిని మీమాంసా సూత్రాల్లో రెండోదే ‘చోదనా లక్షణోఽర్థో ధర్మః’ అంటుంది. అంటే, వేదం ‘ఇది చెయ్యి’ అని విధించడం వల్ల తెలిసే శ్రేయస్సే ధర్మం. ఇక్కడ మంచితనం ప్రసక్తి లేదు, స్వర్గం కావాలనుకునేవాడు యాగం చెయ్యాలి అనే లాంటి విధివాక్యాలే కొలమానం. మరి శత్రువును చంపడానికి చేసే శ్యేనయాగం కూడా వేదంలో ఉంది కదా, అదీ ధర్మమేనా? భాష్యకారుడు శబరస్వామి ఈ ప్రశ్న వేసుకుని, సూత్రంలో ‘అర్థ’ అనే మాట పెట్టింది ఇలాంటివాటిని పక్కన పెట్టడానికే అంటాడు. వేదం చంపమని చెప్పడం లేదు, చంపాలనుకునేవాడికి ఇదీ ఉపాయం అని మాత్రమే చెబుతోందట. కాస్త వకీలు వాదనలా ఉంది గానీ, వేదంలో కనిపించినదంతా ధర్మం కాదని మీమాంసకులే ఒప్పుకున్నారన్నమాట.

అశోకుడిది దాదాపు తిరగేసిన లెక్క. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉన్న తొమ్మిదో శిలాశాసనంలో ఆయన, జబ్బు చేసినప్పుడు, పెళ్ళిళ్ళప్పుడు, ప్రయాణాలప్పుడు జనం, ముఖ్యంగా ఆడవాళ్ళు, చేసే మంగళకార్యాల వల్ల ఒరిగేది కొంచెమే అంటాడు (ఆడవాళ్ళ మీద ఆ విసురు అవసరమా అనిపిస్తుంది). అసలైన ‘ధమ్మ మంగళం’ బానిసలతో, పనివాళ్ళతో సరిగ్గా మెలగడం, గురువుల పట్ల గౌరవం, ప్రాణుల పట్ల సంయమనం, శ్రమణులకూ బ్రాహ్మణులకూ దానం. మీమాంసకుడికి కర్మ ఎక్కడ మొదలవుతుందో అక్కడే ధర్మం. అశోకుడికి ధర్మం నడవడికలో ఉంటుంది, కర్మకాండ దాని ముందు చిన్నది. అదే ధమ్మాన్ని కాందహార్‌లో దొరికిన శాసనంలో గ్రీకులోకి మార్చినప్పుడు ‘యూసెబియా’ అన్నారు, అంటే భక్తి, గౌరవం కలిసిన మాట. పక్కనే ఉన్న అరామిక్ పాఠంలో సత్యం అనే అర్థమిచ్చే పదం వాడారు. ఒకే రాజు, ఒకే బండ, రెండు వేర్వేరు మాటలు!

ఇక న్యాయస్థానం. వ్యవహారానికి, అంటే వివాద పరిష్కారానికి, నాలుగు పాదాలు ఉన్నాయంటుంది నారద స్మృతి: ధర్మం, వ్యవహారం, చరిత్రం, రాజశాసనం. వీటిలో తర్వాతది ముందుదాన్ని కొట్టేస్తుంది. అర్థశాస్త్రంలోనూ దాదాపు ఇదే శ్లోకం ఉంది. ఒకడు అప్పు తీసుకున్నాడనుకోండి. ‘అవును, తీసుకున్నా’ అని నిజం ఒప్పుకుంటే అక్కడితో తేలిపోతుంది, ఎందుకంటే ‘సత్యే స్థితో ధర్మః’, ధర్మం నిలిచేది సత్యం మీదే. కాదంటే సాక్షులు రావాలి, అది వ్యవహారం. అలా చరిత్రం, అంటే ఆచారం, మీదుగా రాజాజ్ఞ దాకా పోతుంది. ఇక్కడ ధర్మాన్ని ‘చట్టం’ అని అనువదిస్తే, సాక్షుల మాట చట్టాన్ని కొట్టేస్తుందని చదువుకోవాలి. ‘మతం’ అంటే ఇంకా గందరగోళం.

వీలునామా రాసినాయన మనసులో వీటిలో ఏదీ ఉండి ఉండదు. ధర్మశాస్త్రాల్లో ‘ఇష్టాపూర్తాలు’ అని ఒక జంట ఉంది. ఇష్టం అంటే యజ్ఞాలు, పూర్తం అంటే బావులు, చెరువులు, గుళ్ళు, అన్నదానం. ఆస్తి ‘ధర్మానికి’ ఇచ్చానని ఎవరైనా అంటే మనవాళ్ళకు తట్టేది ఈ రెండోదే. మన దేవాదాయ ధర్మాదాయ శాఖ పేరులోనూ దేవుడి వాటా ‘దేవాదాయం’లోకి పోయింది, సత్రాలూ అన్నదానాలూ ‘ధర్మాదాయం’ కిందికి వచ్చాయి.

బొంబాయి పబ్లిక్ ట్రస్టుల చట్టం 1950లో వచ్చినప్పుడు, ధర్మం, ధర్మాద లాంటి పేర్లతో పెట్టిన ట్రస్టు కేవలం ప్రయోజనం తేలలేదన్న కారణంతో చెల్లకుండా పోదని రాసి పెట్టారు. 1970ల చివర్లో సుప్రీంకోర్టు కూడా ఒక నూలు మిల్లు ఆదాయపు పన్ను కేసులో, బిల్లుల మీద కొనుగోలుదార్ల దగ్గర ‘ధర్మాద’ పేరుతో విడిగా వసూలు చేసిన సొమ్ము మిల్లు ఆదాయం కాదంది. వ్యాపారుల వాడుకలో ఆ మాటకు దానధర్మాలనే అర్థం స్థిరపడింది కాబట్టి, అస్పష్టత అనే అభ్యంతరం అక్కడ నిలవలేదు.