గుంత మీద బ్రేక్ ఎందుకు వదిలేయాలి?

గుంత కనబడగానే కాలు బ్రేక్ మీదకు పోతుంది. అంతవరకు బాగానే ఉంది. తేడా ఎక్కడొస్తుందంటే, చక్రం గుంతలో పడి లేచేదాకా ఆ బ్రేకును అలాగే తొక్కిపెట్టి ఉంచడంలో.

బ్రేక్ వేస్తే బండి బరువు ముందుకు ఒరుగుతుంది. బైకు ముందు ఫోర్కులు కిందికి దిగడం చూసే ఉంటారు. అంటే దెబ్బను మింగాల్సిన స్ప్రింగు ముందే చాలావరకు నొక్కుకుపోయి ఉంటుంది. గుంత అంచు తగిలేసరికి ఇంకా ముడుచుకోవడానికి చోటు ఉండదు, దెబ్బ తిన్నగా రిముకే తగులుతుంది. అందుకే వేగం ముందే తగ్గించుకుని, అంచు దగ్గరకు వచ్చేలోపు బ్రేక్ వదిలేయాలి. స్పీడ్ బ్రేకర్ దగ్గరా అంతే.

"స్పీడుగా పోతే గుంత తెలీదు" అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అర మీటరు గుంతను 0.03 సెకన్లలో దాటేస్తుంది. స్ప్రింగు ఎంత తోసినా ఆ కాస్త సమయంలో చక్రం కొన్ని సెంటీమీటర్లే దిగుతుంది. కానీ గుంత పొడవు మీటరో, మీటరున్నరో అయితే చక్రానికి లోతుగా దిగేంత టైం దొరుకుతుంది, అవతలి అంచును అదే వేగంతో గుద్దుతుంది. వేగం రెట్టింపైతే ఆ దెబ్బలోని శక్తి దాదాపు నాలుగింతలు. నీళ్లు నిండిన గుంత ఎంత పొడవో, ఎంత లోతో పైనుంచి ఎవరికి తెలుస్తుంది?

గట్టిగా తగిలిందనిపిస్తే ఆగి టైరు పక్కభాగం చూడండి. అక్కడ ఉబ్బు కనబడితే లోపలి దారాలు తెగినట్టే. గాలి తగ్గించినా పెంచినా అది బాగవదు, టైరు మార్చాల్సిందే.

రంబుల్ స్ట్రిప్స్ మీద పెద్ద ప్రమాదమేమీ లేదు. ముందు ఏదో ఉందని చెప్పడానికే అవి. టూవీలర్ మాత్రం వాటి మీద వాలకుండా నిటారుగా పోవాలి.

కంకర కథ వేరు. అక్కడ సస్పెన్షన్ కంటే పట్టు ముఖ్యం. పొడి తారు మీద 60 వేగంలో గట్టిగా బ్రేక్ వేస్తే, మన స్పందనకు పట్టే సమయం కాకుండా, 20 మీటర్లలో ఆగే బండికి వదులు కంకర మీద పట్టు సగమైతే 40 మీటర్లు కావాలి. మలుపులో లెక్క ఇంకోలా ఉంటుంది. పట్టు సగమైతే వేగం సగం కానక్కర్లేదు, సుమారు 70 శాతానికి దిగాలి. తారు మీద 40 దాకా తట్టుకునే మలుపు కంకర మీద 28 దగ్గరే జారడం మొదలవుతుంది. ఆ తగ్గింపు కూడా తారు అయిపోయేలోపే జరగాలి. ఏబీఎస్ ఉందిగా అని ధీమా వద్దు. కంకరలో లాకైన చక్రం రాళ్లను ముందుకు పోగేసి ఆ గుట్టకే ఆనుకుని ఆగుతుంది. ఏబీఎస్ చక్రాన్ని లాక్ కానివ్వదు కాబట్టి ఆ గుట్ట పేరుకోదు. బండి మన అదుపులోనే ఉంటుంది గానీ, ఆగే దూరం కొన్నిసార్లు పెరుగుతుంది.