‘మనోడిలా ఉన్నాడు’ అంటే కుదురుతాడనేనా? కల్చర్ ఫిట్‌పై అపోహలు – వాస్తవాలు

ఎనుమాముల మార్కెట్ దగ్గర గోదాం, హనుమకొండలో ఆఫీసు ఉన్న ఒక విత్తనాలు, పురుగుమందుల డిస్ట్రిబ్యూటర్‌ను ఉదాహరణగా ఊహించుకుందాం. పరకాల, నర్సంపేట వైపు తిరిగే ఫీల్డ్ అసిస్టెంట్ కావాలి. ఇంటర్వ్యూ అయ్యాక, అది చేసిన ఇద్దరిలో ఒకరు ‘పిలగాడు మంచిగున్నడు, మనోళ్లల్ల కలిసిపోతడు’ అంటారు, రెండో ఆయన తలూపుతారు, ఉద్యోగం ఖాయమవుతుంది. దీన్నే చాలామంది కల్చర్ ఫిట్, అంటే సంస్థ విలువలకు మనిషి సరిపోతాడా అని, చూడడం అనుకుంటున్నారు.

అపోహ: అనుభవం ఉన్నవాళ్లు మనిషిని చూడగానే పసిగడతారు.

పసిగట్టేది ఎక్కువగా పోలికనే. ఊరు, కాలేజీ, మాట యాస, ఇంటిపేరు దగ్గరగా ఉంటే మాట సులువుగా సాగుతుంది. ఆ సులువునే మనం గుణం అనుకుంటాం. అమెరికాలోని పేరున్న బ్యాంకులు, న్యాయ, కన్సల్టింగ్ సంస్థల్లో నియామకాలు చేసే 120 మందితో మాట్లాడి లారెన్ రివెరా 2012లో ప్రచురించిన పరిశోధన కూడా ఇదే చూపింది: ఆటలు, అభిరుచులు తమలాగే ఉన్నవాళ్ల వైపు వాళ్లు మొగ్గారు. మన దగ్గర ఆ పని ‘ఏ ఊరు? ఎవరి పిల్లలు?’ చేస్తుంది.

‘అందరినీ అదే అడుగుతున్నాం కదా’ అనేది దీనికి తోక అపోహ. మీ నాన్న ఏం చేస్తారని అందరినీ అడిగినా, ఆ జవాబుకూ ఉద్యోగానికీ సంబంధం ఉండదు. మేడారం జాతర కబుర్లతో మొదటి రెండు నిమిషాలు బెరుకు పోగొట్టవచ్చు. వాటికి మార్కులు మాత్రం ఉండకూడదు.

అపోహ: విలువలు గోడమీద రాసి ఉన్నాయి కదా, వాటితోనే కొలుస్తాం.

‘నిజాయితీ’ని ఎవరూ చూడలేరు. నిజాయితీ ఉన్న మనిషి మంగళవారం పొద్దున రైతు ముందు నిలబడి ఏం చేస్తాడో చూడగలం. కాబట్టి ప్రతి విలువనూ ఒక పనిగా మార్చి రాసుకోవాలి. మన ఉదాహరణలో మూడు చాలు. ఒకటి, రైతుకు అవసరం లేని మందు అవసరం లేదని, అమ్మకం పోయినా, చెప్పడం. రెండు, తన పొరపాటును ఇంకొకరు కనిపెట్టకముందే, అదే రోజు చెప్పడం. మూడు, పైవాళ్ల మాట తప్పనిపిస్తే కారణంతో వాళ్లకే చెప్పడం. మూడింటికంటే ఎక్కువ పెట్టుకుంటే ఒక్కోదానికీ తగినంత సమయం దొరకదు. లోతు పోతుంది.

మొదటిదానికి ప్రశ్న ఇలా ఉంటుంది: ‘మీకు నష్టమని తెలిసీ ఎదుటివాళ్లకు నిజం చెప్పిన సందర్భం ఒకటి చెప్పండి. వాళ్లు ఏమడిగారు? మీరు ఏ మాట అన్నారు? తర్వాత ఏమైంది?’

ఇక్కడ వినాల్సింది క్రియను. ‘రైతుకు నిజం చెప్పాలి సార్’ అనేది అభిప్రాయం. అది అందరికీ ఉంటుంది. ‘చెప్పాను’ అన్న చోట నుంచే సాక్ష్యం మొదలవుతుంది. ‘చెప్పాలి’ దగ్గరే ఆగితే, ‘అలా చెప్పిన రోజు ఒకటి గుర్తు చేసుకోండి’ అని ఒకసారి అడిగి, నిమిషం మౌనంగా ఉండాలి. మరో చిక్కు ‘మేం’. నేను అనడం గొప్పలు చెప్పుకోవడంగా ఉంటుందని చాలామంది ‘మేం చేసినం’ అంటారు. దానికి మార్కు తగ్గించడం అన్యాయం. ‘అందులో మీ చేతిపని ఏది?’ అని అడిగితే సరిపోతుంది.

ఇంతకుముందు ఉద్యోగం చేయనివాళ్లకు ఊహా సందర్భం ఇవ్వాలి. ‘నర్సంపేట దగ్గర మిర్చి రైతు ఆకు ముడతకు మూడు రకాల మందులు అడుగుతున్నాడు. ఒక్కటి చాలని మీకు తెలుసు. నెలాఖరు, టార్గెట్‌కు ఇంకా 40 వేలు తక్కువ. ఏం చేస్తారు?’ ‘ఒక్కటి చాలని మీకు తెలుసు’ అన్న మాట కావాలనే పెట్టాం. పైముడతకు తామర పురుగు, కింది ముడతకు నల్లి కారణమని తెలుసుకోవడం వేరే పరీక్ష. దాన్ని ఇందులో కలిపితే విలువకు బదులు చదువుకు మార్కులు పడతాయి.

మార్కుల కొలత ఇంటర్వ్యూకు ముందే కాగితం మీద ఉండాలి. అడిగినవన్నీ ఇచ్చేస్తే 1. ఒక్కటి చాలని చెప్పి, రైతు పట్టుబడితే మారుమాట లేకుండా ఇచ్చేస్తే 3. ఆకు చూపించి కారణం చెప్పి, ఒక్కటే ఇచ్చి, ఎప్పుడు మళ్లీ వచ్చి చూస్తాడో చెప్పి, టార్గెట్ తగ్గే సంగతి ఆఫీసుకు ముందే తెలిపితే 5. మధ్యలో ఉన్నవాటికి 2, 4.

అపోహ: కొలత ఉంటే ఇక పక్షపాతం రాదు.

వస్తుంది, ఈసారి అంకెల వేషంలో. ఇద్దరు అభ్యర్థులను తీసుకుందాం. మొదటివాడు హనుమకొండలో చదివాడు, గలగలా మాట్లాడతాడు. రెండోవాడు ఏటూరునాగారం వైపు నుంచి వచ్చాడు, ఆగి ఆగి చెబుతాడు.

మొదటివాడికి ఒక ప్యానెల్ సభ్యుడు మూడు ప్రశ్నలకూ 4, 4, 4 వేశాడు. వరసగా ఒకే అంకె పడితే అనుమానించాలి. ఒక మంచి గుణం మిగతావాటికీ రంగు పూయడాన్ని మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1920లోనే హాలో ఎఫెక్ట్ అన్నాడు. నోట్స్ తీస్తే ‘మంచిగ మాట్లాడిండు, కాన్ఫిడెన్స్ ఉంది’ అని రాసి ఉంది. అభ్యర్థి అన్న మాట ఒక్కటీ లేదు. రెండో సభ్యుడి నోట్స్‌లో మాటలు ఉన్నాయి. ఒక్క సొంత సందర్భం లేదు, ‘చెప్పాలి’ మాత్రం అయిదుసార్లు ఉంది. కొలత ప్రకారం మళ్లీ వేస్తే 2, 3, 2 వచ్చాయి.

రెండోవాడికి మూడో ప్రశ్నలో ఒకరు 4, ఇంకొకరు 2 వేశారు. తేడా రెండు లేదా అంతకంటే ఎక్కువైతే సగటు తీయకూడదు, ఇద్దరూ నోట్స్ తెరవాలి. తక్కువ వేసిన ఆయన ‘అందరి ముందు మేనేజర్‌ను ప్రశ్నించలేదు’ అని రాసుకున్నాడు. అభ్యర్థి చెప్పింది మాత్రం ఇది: ‘సాయంత్రం ఒక్కడినే పోయి, సార్, ఈ లాట్ విత్తనం మొలక సరిగ్గా లేదు, ఆపుదామన్నా.’ పెద్దవాళ్లకు చాటుగా చెప్పడం మన దగ్గర మర్యాద. కొలతలో ‘వాళ్లకే, కారణంతో’ అనే ఉంది, ‘అందరి ముందు’ అని లేదు. మార్కు 4 అయింది.

ఈ దిద్దుబాటు కుదరాలంటే ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు చూడకుండా, మాట్లాడుకోకముందే మార్కులు వేసి ఉండాలి. ముందుగా పెద్దసారు నోరు విప్పితే మిగతా అంకెలు ఆయన వెంటే నడుస్తాయి. ఇంకో నియమం: మొత్తం ఎంత వచ్చినా, ఏ ఒక్క విలువలోనూ 3 కంటే తగ్గకూడదు. పొరపాటు దాచేవాడి లోటును రైతుకు నిజం చెప్పడంలో వచ్చిన 5 పూడ్చలేదు.

అపోహ: కల్చర్ ఫిట్ ఎత్తేసి నైపుణ్యం ఒక్కటే చూస్తే గొడవే ఉండదు.

అప్పుడు గట్ ఫీలింగ్ ‘యాటిట్యూడ్’ అని పేరు మార్చుకుని వస్తుంది. రాసి పెట్టుకోవడమే మేలు.

అపోహ: ఇలా చేస్తే తప్పు మనిషి రాడు.

వస్తాడు. పాత పరిశోధనలను 2022లో తిరిగి లెక్కగట్టిన పరిశోధకుడు సాకెట్ బృందం, ఇలా అందరికీ ఒకే ప్రశ్నలు, ముందే రాసిన కొలత ఉండే క్రమబద్ధ ఇంటర్వ్యూ మార్కులకూ తర్వాతి పనితీరుకూ సంబంధం సగటున 0.42 అని, క్రమం లేని ఇంటర్వ్యూకు 0.19 అని తేల్చింది. 1 అంటే పూర్తి పొంతన. అంటే రెట్టింపు మెరుగే కానీ జాతకం కాదు. నేర్చుకుని వచ్చిన జవాబులూ ఉంటాయి. జవాబు వెంటనే ఇంకో చిన్న ప్రశ్న, ‘రైతు అప్పుడు ఏమన్నాడు?’ వంటిది, అడిగితే కట్టుకథకు అక్కడ వివరం దొరకక మళ్లీ మొదటికి తిరుగుతుంది.

చేరిన మూడు నెలలకు అవే మూడు పనులను చూడాలి: అవసరం లేదని చెప్పిన సందర్భాలు, అదే రోజు చెప్పిన పొరపాట్లు, పైవాళ్లకు చెప్పిన అభ్యంతరాలు. ఇంటర్వ్యూలో 4 వచ్చినవాళ్లు ఇక్కడ వరసగా తేలిపోతుంటే, ఆ ప్రశ్ననే మార్చాలి.