(a − b)²లో చివరి ప్లస్ ఎక్కడిది? వైశాల్యంతో సర్వసమీకరణాలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: (a + b)² బొమ్మ ఒక్కసారి బోర్డు మీద గీసి చూపిస్తే పిల్లలకు అర్థమైపోతుంది.

వాస్తవం: గీసి చూపిస్తే అర్థమయ్యేది ఎక్కువగా గీసినవాళ్లకే. పిల్లలు ఆ నాలుగు గదుల చతురస్రాన్ని కూడా సూత్రంలాగే బట్టీ పడతారు. పరీక్షలో బొమ్మ వేస్తారు, దాని పక్కనే a² + b² అని రాస్తారు. ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగవని వాళ్లకు తట్టదు.

అందుకే బొమ్మకు ముందు లెక్క పెట్టాలి. 13² ఎంత? 10² + 3² అయితే 109 రావాలి, కానీ వచ్చేది 169. మరి ఆ 60 ఎక్కడుంది? ఇప్పుడు గళ్ల కాగితం మీద 13 గళ్ల చతురస్రం గీసి, ప్రతి భుజాన్నీ 10, 3గా విడగొట్టమనాలి. 10 గళ్ల పొడవు, 3 గళ్ల వెడల్పు ఉన్న రెండు పట్టీలను పిల్లలే వేలితో చూపిస్తారు. అలా చూపించాకే అక్షరాలు రాయించాలి.

ఇక్కడొక మెలిక ఉంది. గళ్ల కాగితంతోనే ఆగిపోతే x + 3లో xను 5 గళ్లుగా గీసినవాడు (x + 3)² అంటే 64 అని లెక్కపెట్టి చెబుతాడు. కాబట్టి రెండో బొమ్మ తెల్లకాగితం మీద ఉండాలి. మూడోదాంట్లో bని a కన్నా పొడవుగా గీయించండి. 'ఇప్పుడు ఏ గది పేరైనా మారిందా?' అని అడగండి. మారలేదని, ఎందుకు మారలేదో కూడా చెప్పగలిగినవాళ్లకు a అంటే ఆ గీత పొడవు కాదని, ఏ పొడవైనా కావచ్చని తెలిసినట్టే. పొడవుల పేర్లు భుజాల బయట, వైశాల్యాల పేర్లు గదుల లోపల రాయించడం చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ గది లోపల ab బదులు a + b రాసే తప్పు ఎక్కువగా ఈ రెండూ కలిసిపోయిన నోటుపుస్తకాల్లోనే కనిపిస్తుంది.

అపోహ: (a + b)² వస్తే (a − b)² దానంతటదే వస్తుంది. b బదులు −b రాస్తే సరి.

వాస్తవం: సమాధానం వస్తుంది, కారణం రాదు. నా లెక్కలో అసలు పాఠం ఇదే. తీసేస్తున్నాం కదా, చివర్లో + b² ఎందుకు వచ్చింది? 'మైనస్ ఇంటూ మైనస్ ప్లస్' అనేది పిల్లల ప్రశ్నకు జవాబు కాదు, ప్రశ్నను మూసేసే మాట.

కత్తెరతో చేయించండి. a = 10, b = 3 అనుకుందాం. 10 × 10 చతురస్రం, అంటే 100 గళ్లు. మనకు కావాల్సింది 7 × 7. కుడివైపు నుంచి 10 × 3 పట్టీ కత్తిరించాలి. 30 గళ్లు పోయి 70 మిగులుతాయి. ఇప్పుడు కింది నుంచి కూడా 10 × 3 పట్టీ కత్తిరించమనండి. కుదరదు! మిగిలిన కాగితం వెడల్పు 7 గళ్లే, కాబట్టి అక్కడ దొరికే పట్టీ 7 × 3, అంటే 21 గళ్లే. 30కి 9 తక్కువ. ఆ 9 గళ్ల మూల మొదటి పట్టీతోపాటే వెళ్లిపోయింది.

ఇక్కడ తొందరపడి చెప్పేయకండి, వాళ్లనే తేల్చనివ్వండి. ఎవరో ఒకరు 3 × 3 ముక్క ఒకటి తెచ్చి ఆ మూలలో అతికిద్దాం అంటారు. అతికిస్తే రెండో పట్టీ పూర్తి 10 × 3 అవుతుంది, దాన్నీ తీసేయొచ్చు. చేసిన పనినే రాస్తే 100 − 30 + 9 − 30 = 49. అక్షరాల్లో a² − ab + b² − ab. ఆ ప్లస్ అంటే అరువు తెచ్చి అతికించిన మూల.

కొందరు అతికించకుండానే 100 − 30 − 21 అంటారు. అదీ సరైనదే: a² − ab − b(a − b). బ్రాకెట్ విప్పితే అదే వస్తుంది. దీన్ని తప్పని కొట్టేయకుండా బోర్డు మీద రెండూ పక్కపక్కన రాయండి.

అపోహ: (a − b)², a² − b² మధ్య తికమక అజాగ్రత్త వల్ల వస్తుంది.

వాస్తవం: రెండూ వేర్వేరు ఆకారాలని చూడకపోవడం వల్ల వస్తుంది. a² − b² అంటే 10 × 10 కాగితం నుంచి మూలలోని 3 × 3 ముక్క మాత్రమే తీయడం. మిగిలేది 91 గళ్ల ఎల్ ఆకారం, 49 గళ్ల చతురస్రం కాదు. ఆ ఎల్‌ను ఒక్క కోతతో 10 × 7, 3 × 7 ముక్కలుగా చేయొచ్చు. రెండింటికీ 7 భుజం ఉమ్మడి కాబట్టి, ఆ భుజాలు కలిసేలా ఒకదాని చివర ఇంకోటి పెడితే 13 × 7 దీర్ఘచతురస్రం. అదే (a + b)(a − b). ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టినవాళ్లు ఒకదానికి బదులు ఇంకోటి రాయడం అరుదు.

అపోహ: బొమ్మ కుదిరింది కాబట్టి అన్ని విలువలకూ రుజువైపోయినట్టే.

వాస్తవం: కత్తెర పని a > b > 0 అయితేనే కుదురుతుంది. రుణ పొడవున్న కాగితం లేదు. (a − b)²లో b = −4 అంటే ఏం కత్తిరిస్తాం? ఇక్కడి నుంచి విభాగ న్యాయం చేతికి తీసుకోవాలి. అదే నాలుగు గదుల పెట్టెను ఇకపై గుణకారపు పట్టికగా వాడుకోవచ్చు, గదుల్లో రుణ పదాలు రాయొచ్చు. అయితే అది వైశాల్యం కాదని పైకి చెప్పాలి. చెప్పకపోతే '−3x వైశాల్యమా?' అని ఆలోచించే పిల్లలే ముందు నమ్మకం కోల్పోతారు.

ఘనం సంగతి ఒక్క ముక్కలో: (a + b)³కు ఎనిమిది చెక్క ముక్కలతో ఘనపరిమాణం చూపొచ్చు. నాలుగో ఘాతానికి బొమ్మ లేదు.

అపోహ: బొమ్మ వస్తే సూత్రం కంఠస్థం చేయనక్కర్లేదు.

వాస్తవం: చేయాలి, కాకపోతే తర్వాత. కారణాంకాలు విడగొట్టేటప్పుడు ఆకారాన్ని చూడగానే గుర్తుపట్టాలి, ప్రతిసారీ పెట్టె గీస్తూ కూర్చోలేం. ఎప్పుడు సిద్ధమయ్యారో తెలుసుకోవడానికి నేను (2x − 5)² ఇచ్చి, ఒక్కో పదం బొమ్మలో ఎక్కడుందో చెప్పమంటాను. 2x² అని రాసినవాళ్లను 2x భుజంగల చతురస్రంలో x భుజంగల చతురస్రాలు ఎన్ని పడతాయో గీయమంటే నాలుగు లెక్కపెట్టి తామే దిద్దుకుంటారు. 20x సగమై రెండు పట్టీల్లో ఉందని, 25 అతికించిన మూల అని చెప్పగలిగితే ఇక సూత్రం ఇచ్చేయొచ్చు.

ఆ తర్వాత ఇదే బొమ్మను వెనక నుంచి నడిపించొచ్చు. తొమ్మిదో శతాబ్దంలో గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ x² + 10x = 39ను సాధించింది వైశాల్యంతోనే. x² చతురస్రానికి కుడివైపు ఒకటి, కింద ఒకటి 5x పట్టీలు ఆనించండి. మూలలో 5 × 5 ఖాళీ మిగులుతుంది. దాన్ని నింపితే మొత్తం 39 + 25 = 64, పెద్ద చతురస్రం భుజం 8, కాబట్టి x = 3. ఈ సమీకరణానికి −13 కూడా మూలమే, కానీ ఆ బొమ్మలో అది కనిపించదు. ఎందుకు కనిపించదో పిల్లలను అడిగి చూడండి. రుణ పొడవు మాట వాళ్ల నోటి నుంచే వస్తుంది.